తొందరపడితే కొవ్వుతో పాటు కండా పోతుంది
ఐదు వారాల్లో ఆరు కిలోలు తగ్గిన యువకుడి నోటు పుస్తకం చెప్పిన సంగతి

దిల్‌సుఖ్‌నగర్: సాగర్ రోడ్డు మీద యాచారం దాటాక వచ్చే ఒక పల్లె నుంచి చదువుకోసం నగరానికి వచ్చి, చైతన్యపురిలోని ఒక హాస్టల్లో ఉంటున్న యువకుడు కిందటేడు వేసవిలో ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే తల్లి ఎగాదిగా చూసి, "ఏమైంది బిడ్డా, గిట్ల గుంజుకపోయినవ్? ఆడ కూడు పెడుతలేరా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుక్కి మాత్రం లోలోపల సంతోషమే. ఐదు వారాల్లో 80 కిలోల నుంచి 74 కిలోలకు దిగాడు మరి. బరువులెత్తే పోటీల్లో 74 కిలోల తరగతిలో నిలబడాలని అతని కోరిక.

ఆ సంతోషం వారం రోజులే నిలిచింది. తిరిగి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోని వ్యాయామశాలలో కడ్డీ భుజాన వేసుకున్నాడు. అంతకుముందు 140 కిలోలతో బస్కీ తీసి లేచినవాడు ఇప్పుడు 130 దగ్గర కూలబడ్డాడు. బల్ల మీద వెల్లకిలా పడుకుని ఎత్తే బరువు 95 నుంచి 87.5కు, నేల మీంచి నడుము దాకా లేపే బరువు 175 నుంచి 165కు పడిపోయాయి. బస్కీ చివరికి 127.5 దగ్గర ఆగింది. మూడూ కలిపితే మునుపు 410 కిలోలు, ఇప్పుడు 380. పోటీలో లెక్కకు వచ్చేది ఈ మొత్తమే. తరగతి దిగాడు గాని, ఆ తరగతిలో గెలిపించవలసిన బలాన్ని దారిలోనే జారవిడిచాడు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా మెట్రో స్తంభాల పొడవునా పై అంతస్తుల్లో వ్యాయామశాలలు కనిపిస్తాయి. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చౌటుప్పల్ వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్.బి.నగర్‌లో దిగబెట్టే పిల్లల్లో చాలామంది చదువుతో పాటు ఈ మెట్లూ ఎక్కుతున్నారు. పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు కొందరు, పెళ్ళినాటికి పొట్ట తగ్గాలనుకునేవారు కొందరు, పోటీల మీద మోజున్నవారు కొందరు. వీరందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. తినేది రోజుకు ఎంత తగ్గిస్తే కొవ్వు పోయి కండ మిగులుతుంది?

పైన చెప్పిన యువకుడు పేరు రాయవద్దన్నాడు గాని, తన నోటు పుస్తకం చూపించాడు. అందులో తిన్నది, తూగింది, ఎత్తింది మూడూ రాసి ఉన్నాయి. లెక్క అంతా దాంట్లోనే దొరికింది.

అంకెలు కుదరని లెక్క

మనం తినే తిండిలోని శక్తిని క్యాలరీల్లో కొలుస్తారు. ఈ యువకుడు ఉన్న బరువు పెరగకుండా తరగకుండా ఉండాలంటే రోజుకు సుమారు 2600 క్యాలరీలు తినాలి. ఈ అంకె ఏ పుస్తకంలోనూ చూసింది కాదు. రెండు వారాల పాటు తిన్నదంతా రాసి, బరువు కదలకుండా ఉన్నప్పుడు ఎంత తింటున్నాడో చూసి తేల్చుకున్నది. మన బియ్యంలో, పప్పులో, కూరలో ఎంత శక్తి ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టికలను కొత్తగా కొలిచి అచ్చువేసింది. ఆ సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన సంస్థ మన ముంగిట్లో ఉండగా, ఎక్కడివో కొలతలు పట్టుకుని మన అన్నాన్ని లెక్కగట్టడం ఎందుకో అర్థం కాదు.

మొదటిసారి ఈ యువకుడు 2600కు బదులు 1400 తిన్నాడు. పొద్దున గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం రెండు చపాతీలు, రాత్రి ఉడకబెట్టిన కూరగాయలు. అంటే రోజుకు 1200 లోటు. ఐదు వారాలంటే 35 రోజులు. మొత్తం లోటు 42,000.

ఇక్కడే కిటుకు ఉంది. ఒంటిమీది కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీల లోటు పడాలి. ఆరు కిలోలూ కొవ్వే అయితే 46,200 కావాలి. ఇతగాడు పస్తున్నది మహా అయితే 42,000. నిజానికి అంత కూడా ఉండదు. ఒంట్లో ఓపిక లేక మెట్లెక్కే చోట లిఫ్టు ఎక్కాడు, సాయంత్రం నడక మానేశాడు. తిండి తగ్గినప్పుడు ఒళ్ళు కూడా ఖర్చు తగ్గించుకుంటుంది. రోజుకు ఒక 150 అలా మిగుల్చుకున్నా, అసలు లోటు 37,000కు మించదు. కొవ్వు కరిగించడానికి చాలినంత లోటు లేకుండానే ఆరు కిలోలు పోయాయి. ఆ మిగతా బరువు ఎక్కడిది?

కొవ్వు కాని భాగానిది. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. అందుకని కిలో కండ పోతే ఒంటికి దక్కే శక్తి సుమారు 1800 క్యాలరీలు మాత్రమే. కొవ్వుతో పోలిస్తే నాలుగో వంతు కూడా కాదు. అంచనాగా చూస్తే ఈ యువకుడు పోగొట్టుకున్న ఆరు కిలోల్లో నాలుగున్నర కిలోల దాకా కొవ్వు, మిగతా కిలోన్నర కండా, కండలో నిలవ ఉండే పిండిపదార్థమూ, దాన్ని పట్టుకుని ఉండే నీరూను. ఆ నిలవా, దాని నీరూ నాలుగు రోజులు కడుపునిండా తింటే తిరిగి వస్తాయి. కండ అలా రాదు.

దీన్నిబట్టి ఇంకొకటి తెలుస్తుంది. కండ పోతున్నప్పుడే తూనిక ముల్లు జోరుగా దిగుతుంది. అదే లోటుకు కొవ్వు ఒక్కటే పోతే ముల్లు నెమ్మదిగా దిగుతుంది. వేగంగా దిగుతోందని సంబరపడేవాడు చాలాసార్లు నష్టాన్నే లాభమనుకుని రాసుకుంటున్నాడన్న మాట.

గాదె మూతి ఎంత?

ఒంటి నిండా కొవ్వు పెట్టుకుని శరీరం కండను ఎందుకు కరిగించుకోవాలి? ఈ మాట ఆ వ్యాయామశాలలో పిల్లలకు నేర్పే పెద్దాయనను అడిగితే, ఆయన మన పల్లె భాషలోనే చెప్పారు. "గాదె నిండా వడ్లున్నా, తీసే మూతి ఎంతుంటే అంతే వస్తయి కదా. దినానికి మూడు కుంచాలు వచ్చే మూతి నుంచి ఆరు కుంచాలు కావాలంటే యాడికెల్లి వస్తయి? అప్పుడు కొట్టంల ఎడ్ల మీద పడ్తది చూపు."

శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే. కొవ్వు కణాల నుంచి రోజుకు విడుదలయ్యే శక్తికి ఒక హద్దు ఉంటుంది. ఒంటి మీద కొవ్వు ఎక్కువున్న మనిషికి ఆ హద్దు పెద్దది, బక్కపలచని వాడికి చిన్నది. లోటు ఆ హద్దుకు లోపల ఉంటే కొవ్వే చాలావరకు భర్తీ చేస్తుంది. హద్దు దాటితే కండలోని మాంసకృత్తులు విడిపోయి ఇంధనంగా మారడం ఎక్కువవుతుంది.

దీనికి తోడు ఇంకొక సంగతి. కండ కట్టిన గోడలా ఊరకే నిలబడి ఉండదు. రోజూ కొంత విరుగుతుంది, కొంత కొత్తది కట్టుకుంటుంది. కొత్తగా కట్టడానికి శక్తి ఖర్చవుతుంది. తిండి లోటు పెరిగేకొద్దీ శరీరం ఈ కట్టుబడి పనిని మందగింపజేస్తుంది. కూలి డబ్బులు లేని ఇంటి యజమాని మేస్త్రీని మానిపించినట్టు. విరగడం మాత్రం ఆగదు. బరువులెత్తితే ఆ కట్టుబడి మళ్ళీ పుంజుకుంటుంది. అందుకే తిండి తగ్గించేవాడు బరువులు మానకూడదు, తేలిక చేయకూడదు. కొవ్వు కరగాలంటే చిన్న బరువులు ఎక్కువసార్లు ఎత్తాలనే మాట ఇక్కడ చాలామంది నోట వినిపిస్తుంది గాని, అది పొరపాటు. బరువు ఎత్తడం వల్ల నేరుగా కరిగే కొవ్వు స్వల్పం. ఈ కండ పనికి కావాలి, దీన్ని అమ్ముకోవద్దని ఒంటికి చెప్పడమే దాని పని. రోజూ అరక కట్టే ఎడ్లను రైతు కరువులోనైనా ఆఖరుకు గాని అమ్మడు. ఊరకే కట్టేసి మేపుతున్న ఎడ్లయితే ముందు అవే సంతకు పోతాయి.

మొదటి ప్రయత్నంలో ఈ యువకుడు చేసిన తప్పు ఇక్కడా ఉంది. ఓపిక చాలక మూడో వారం నుంచి కడ్డీ మీద బరువు తగ్గించి, దాని బదులు పొద్దునా సాయంత్రం పరుగు పెట్టాడు. గాదె మూతికి మించి అడుగుతూ, రెండో పక్క ఎడ్లకు పని కూడా తప్పించాడు.

ఎంత వేగం మంచిది?

దీనికి నార్వేలో జరిగిన ఒక పరీక్ష బాగా పనికొస్తుంది. 2011లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పోటీల్లో పాల్గొనే 24 మంది క్రీడాకారులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి ఒంటి బరువులో నూటికి 0.7 వంతు తగ్గేలా, రెండో జట్టు దానికి రెట్టింపు, అంటే 1.4 వంతు తగ్గేలా తిండి కుదించారు. రెండు జట్లూ వారానికి నాలుగుసార్లు బరువులెత్తాయి. చివరికి ఇద్దరూ తగ్గిన బరువు దాదాపు సమానమే, నూటికి అయిదున్నర వంతులు. నెమ్మది జట్టుకు ఎనిమిది తొమ్మిది వారాలు పట్టింది, తొందర జట్టుకు అయిదు వారాల చిల్లర.

తేడా లోపల ఉంది. నెమ్మదిగా తగ్గినవారి ఒంట్లో కొవ్వు కాని భాగం నూటికి రెండు వంతులు పెరిగింది. బరువు తగ్గుతూనే కండ కట్టారన్న మాట. తొందరగా తగ్గినవారికి ఆ భాగం పెరగలేదు. కొవ్వు కూడా నెమ్మది జట్టుకే ఎక్కువ పోయింది. తొందరపడ్డవారు అదే వ్యాయామం చేసి ఆ లాభాన్ని పోగొట్టుకున్నారు.

80 కిలోల మనిషికి నూటికి 0.7 అంటే వారానికి 560 గ్రాములు. 1.4 అంటే కిలో పైచిలుకు. మన యువకుడు మొదటిసారి తగ్గింది వారానికి కిలో 200 గ్రాములు. తొందర జట్టులో చేరిపోయాడు.

లోటును క్యాలరీల్లో చెప్పాలంటే జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రజ్ఞులు చేసిన సమీక్ష ఉంది. బరువులెత్తుతూ తిండి తగ్గించినవారి మీద అంతవరకు జరిగిన పరీక్షలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసి 2022లో ప్రచురించారు. లోటు పెరిగేకొద్దీ కండ పెరుగుదల తగ్గుతూ వచ్చి, రోజుకు 500 క్యాలరీల దగ్గర సున్నాకు చేరుతుందని వారి లెక్క. అక్కడి నుంచి లోతుకు పోతే ఉన్నది తరగడం మొదలవుతుంది. 500 అనేది రాతిమీద గీసిన గీత కాదు. అందరి సగటు. అయినా ఒక మోస్తరు ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాడికి గుర్తు పెట్టుకోదగిన అంకె. చిన్న ఒళ్ళు ఉన్నవారికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ లోటే పెద్దదవుతుంది. 55 కిలోల అమ్మాయికి రోజుకు 300 అంటే సరిపోతుంది.

రెండోసారి ఏం చేశాడు?

తిండి మళ్ళీ మొదలుపెట్టాక ఈ యువకుడి బరువు రెండు నెలల్లో 80కి తిరిగి వచ్చింది. బలం రావడానికి మాత్రం దసరా దాకా పట్టింది. పోయేటప్పుడు ఐదు వారాలు, వచ్చేటప్పుడు ఐదు నెలలు. దసరా వెళ్ళాక, 410 కిలోల మొత్తం మళ్ళీ చేతికి వచ్చాక, రెండో ప్రయత్నం మొదలుపెట్టాడు. ఈసారి లోటు 450. అంటే రోజుకు 2150 క్యాలరీలు.

తగ్గింపు ఎలా చేశాడో చూస్తే, ఎక్కడా పస్తులు కనిపించవు. అంతకుముందు రోజుకు 350 గ్రాముల బియ్యం అన్నం తినేవాడు. దాన్ని సగం చేశాడు. వండిన అన్నాన్ని కాక వండకముందు బియ్యాన్ని తూచాడు, ఎందుకంటే అన్నంలో నీరు ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. అక్కడే 600 క్యాలరీలు తగ్గాయి. రోజుకు నాలుగు చాయలు రెండయ్యాయి. సాయంత్రం రోడ్డు పక్క బజ్జీలు ఆగిపోయాయి. ఈ రెండింటితో ఇంకో 200 పైన తగ్గింది. తగ్గిన 800 పైచిలుకులో దాదాపు సగాన్ని వేరే రూపంలో వెనక్కి తెచ్చుకున్నాడు. అదే మాంసకృత్తుల వాటా.

బరువులెత్తేవాడు తిండి తగ్గించే రోజుల్లో ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల మాంసకృత్తులకు తగ్గకుండా తినాలి. ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. 80 కిలోలకు అది 128 గ్రాములు. పొడి డబ్బాలు కొనకుండానే ఇది సాగింది. నాలుగు గుడ్లు పచ్చసొనతో సహా తింటే 25 గ్రాములు. తోలు తీసిన కోడి మాంసం 150 గ్రాములు తింటే 33. మీల్‌మేకర్ 50 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే 26. పాలూ పెరుగూ కలిపి అర లీటరుకు 16. కందిపప్పు 50 గ్రాములకు 11. అన్నం, కూరల నుంచి మిగతా ఇరవై. మాంసం ముట్టనివారు మీల్‌మేకర్, పెరుగు, పప్పు ఇంకాస్త పెంచుకోవచ్చు. పల్లీల్లోనూ మాంసకృత్తులు ఉన్నాయి గాని నూనె కూడా ఉంది. వంద గ్రాములకు 500 క్యాలరీలు దాటుతాయి కనుక గుప్పెడు పల్లీలు తిన్నా లెక్కలో రాసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చక్కెర వ్యాధికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ మార్పులు చేయరాదు.

హాస్టల్లో వండేవాళ్ళు విడిగా పెట్టరు కదా అని సందేహం వస్తుంది. ఇతను చేసింది సులువైన పని. అన్నం, పప్పు, కూర అక్కడిదే తిన్నాడు. గుడ్లు, మీల్‌మేకర్ గదిలోని కరెంటు కెటిల్‌లో ఉడకబెట్టుకున్నాడు. హాస్టల్ కూరలో నూనె ఎంతుందో కచ్చితంగా తెలియదు కాబట్టి, గిన్నెలో పైన తేలే నూనె వదిలేసి ముక్కలు మాత్రం వేసుకున్నాడు. చిన్న చెంచాడు నూనెకు 40 క్యాలరీలు పైనే. ఈ లెక్క తప్పడం వల్లే చాలామందికి "అన్నం మానేసినా తగ్గడం లేదు" అనిపిస్తుంది.

పదిహేను వారాల్లో, జనవరి నెలాఖరుకు, బరువు 74కు వచ్చింది. మధ్యలో రెండుసార్లు ముల్లు ఆగింది. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కాబట్టి, ఆ రెండుసార్లూ బియ్యం మరో 25 గ్రాములు తగ్గించి, సరూర్‌నగర్ వైపు రోజూ అరగంట నడక చేర్చాడు. కడ్డీ మీద బరువు మాత్రం తగ్గించలేదు. చివరి నెలలో అలసట ఎక్కువైతే విడతల సంఖ్య తగ్గించాడు. చివరికి ఎత్తింది బస్కీ 142.5, బల్ల మీద 95, నేల మీంచి 175. మొత్తం 412.5. వేసవిలో 74 కిలోల ఒంటితో ఎత్తింది 380 అని గుర్తుంచుకుంటే, అదే తూనిక మీద అదే మనిషికి 32 కిలోల పైన తేడా.

నడుము టేపు ఇంకా స్పష్టంగా చెప్పింది. బొడ్డు దగ్గర కొలత వేసవిలో 36 నుంచి 34.5 అంగుళాలకు వచ్చి ఆగింది. ఈసారి 33కు దిగింది. బరువు ఒకటే, నడుము వేరు. ఆ ఒకటిన్నర అంగుళం తేడాయే ఈసారి ఎక్కువగా పోయిన కొవ్వు.

దారి తప్పితే ఎలా తెలుస్తుంది?

వేలు ఖర్చు పెట్టి యంత్రాల మీద కొలిపించుకోనక్కర లేదు. వ్యాయామశాలల్లో చేత్తో పట్టుకుంటే కొవ్వు శాతం చూపే యంత్రాలు నీళ్ళు తాగితే ఒక అంకె, తాగకపోతే ఒక అంకె చూపిస్తాయి. మూడే కొలతలు చాలు. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక తూగి, ఏడు రోజుల సగటు తీయాలి. ఒక్కరోజు అంకెను పట్టించుకోకూడదు. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. వారానికి ఒకసారి బొడ్డు దగ్గర టేపు పెట్టాలి. ఎత్తిన బరువులు రాసుకోవాలి.

మొదటి వారం ఒకటి రెండు కిలోలు ఒక్కసారి తగ్గవచ్చు. అందులో ఎక్కువ నీరే, దాన్ని లెక్కలోకి తీసుకోరాదు. రెండో వారం దాటాక కూడా వారానికి నూటికి ఒక వంతు కంటే వేగంగా దిగుతూ, వరుసగా రెండు వారాలు కడ్డీ మీద బరువు తగ్గుతుంటే లోటు ఎక్కువైనట్టే. వెంటనే రోజుకు 200 క్యాలరీలు తిరిగి కలుపుకోవాలి. నిద్ర పట్టకపోవడం, చలి ఎక్కువగా అనిపించడం, ఊరకే చిరాకు పడటం కూడా ఆ గుర్తులే. ముల్లు నెమ్మదిగా దిగుతున్నా టేపు దిగుతూ, బరువులు నిలిచి ఉంటే కదిలించవద్దు. అది సరైన దారి.

ఒక మెలిక ఉంది. వ్యాయామశాలలో కొత్తగా చేరినవారికి కడ్డీ మీద బరువు మంచి సాక్షి కాదు. కొత్తలో ఎత్తడం అలవాటవుతున్న కొద్దీ, కండ తరుగుతున్నా సరే, బరువులు పెరుగుతూనే ఉంటాయి. మ్యూనిక్ సమీక్షలో కూడా లోటు వల్ల కండ పెరగకపోయినా బలం పెరుగుదల అంతగా దెబ్బతినలేదు. అందుకని కొత్తవారు టేపునూ, వారపు వేగాన్నీ నమ్ముకోవాలి. ఏళ్ళ తరబడి ఎత్తుతున్నవారికే కడ్డీ నిజం చెబుతుంది.

పెద్ద లోటు ఎవరికి చెల్లుతుంది?

"నాలుగు వారాల్లో కొవ్వు కరిగి కండ వస్తుంది" అనే మాటకు పూర్తిగా ఆధారం లేకపోలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 40 మంది యువకులకు అవసరమైన దానిలో నూటికి 40 వంతులు తిండి కోసి, నాలుగు వారాలు గట్టిగా వ్యాయామం చేయించారు. కిలోకు 2.4 గ్రాముల మాంసకృత్తులు తిన్న జట్టుకు 4.8 కిలోల కొవ్వు పోయి, కొవ్వు కాని భాగం 1.2 కిలోలు పెరిగింది. అందులో సగం మాంసకృత్తులు తిన్న జట్టుకు అది పెరగలేదు, నిలిచింది. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి.

అయితే వారంతా బరువు ఎక్కువున్నవారు, అలాంటి కసరత్తుకు కొత్తవారు. గాదె పెద్దది, మూతీ పెద్దది. తిండి పరిశోధకులే కొలిచి పెట్టారు, కసరత్తు దగ్గరుండి చేయించారు. అది కూడా నాలుగు వారాలే. వంద కిలోలు దాటి, ఇప్పుడిప్పుడే వ్యాయామశాల మెట్లెక్కుతున్న మనిషి మొదటి నెల కాస్త పెద్ద లోటు పెట్టుకున్నా నష్టం తక్కువ. అదే పని ఏళ్ళుగా ఎత్తి, పొట్ట మీద గీతలు కనబడుతున్నవాడు చేస్తే కండకు తగులుతుంది. సన్నబడేకొద్దీ లోటు చిన్నది కావాలి. గోడల మీది ప్రకటనలు చెప్పేది మొదటివాడి కథ. చదివి మోసపోయేది రెండోవాడు.

అసలు ఈ యువకుడు 74కు దిగడం అవసరమా అని కూడా అడగాలనిపించింది. అతని 80 కిలోలు 83 కిలోల తరగతిలో హాయిగా ఇముడుతాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లో ప్రపంచ విజేత అయినప్పుడు 54 కిలోల తరగతిలో ఉన్నారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు ఆమె తరగతి 69, మొత్తం 240 కిలోలు. దిగడమే కాదు, ఎదగడం కూడా ఒక దారి. ఈ మాట అంటే అతను నవ్వి, "పొట్ట ఉన్నంతసేపు 83లో పెద్దోళ్ళ ముందర నిలబడలేనన్నా. ముందు కొవ్వు తీసేసి, తర్వాత కండతోనే పైకి పోతా" అన్నాడు. పెద్దాయన కూడా దానికి తలూపారు.

సంక్రాంతికి ఊరెళితే తల్లి ఈసారి గుంజుకుపోయావనలేదు. మొహం బాగుందన్నది. వచ్చేటప్పుడు మాత్రం మామూలుగానే డబ్బా నిండా సకినాలు కట్టి ఇచ్చింది. అవి హాస్టల్ గదిలోని మిత్రుల పాలయ్యాయి. తను రెండే తిన్నాడట. నోటు పుస్తకంలో ఆ రోజు పేజీలో, మీల్‌మేకర్ కింద, "సకినాలు 2" అని రాసి ఉంది.